ప్లీజ్ అంటే సరిపోదా?

పిల్లల ఇంగ్లీషు గ్రామర్ పుస్తకంలో ‘ఇంపరేటివ్ సెంటెన్స్’ అనే పాఠం ఒకటుంటుంది. ఆజ్ఞ, సలహా, విన్నపం మూడింటినీ అందులో ఒకే చోట చెప్పేస్తారు. ‘ఓపెన్ ద డోర్’ అంటే ఆజ్ఞ. దాని ముందు ‘ప్లీజ్’ పెడితే విన్నపం. మన తరం కూడా ఇలాగే చదువుకుంది. పరీక్షలో ఒక మార్కు తెచ్చుకోవడానికి ఇది చాలు. కానీ ఇంగ్లండులో కూర్చున్న సహోద్యోగికి ఈమెయిల్ రాసేటప్పుడు మాత్రం ఈ సూత్రం మనల్ని ఇబ్బందిలో పడేస్తుంది.

నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ బృందాన్ని చూసుకుంటాను. మా పనిలో సగం లీడ్స్ నగరంలో ఉన్న వాళ్లతోనే. కొత్తగా చేరిన పిల్లలు రాసే ముఖ్యమైన మెయిళ్లు బయటికి వెళ్లేముందు ఒకసారి నా దగ్గరికి వస్తాయి. స్పెల్లింగులు దిద్దాల్సిన అవసరం దాదాపు ఉండదు, ఆ పని కంప్యూటరే చేస్తుంది. నేను దిద్దేదంతా స్వరాన్ని. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, మోటుగా ధ్వనించే మెయిళ్లు రాసేవాళ్లు మోటు మనుషులు కారు. చాలాసార్లు తెలుగులో ఎంతో మర్యాదగా మాట్లాడేవాళ్లే అలాంటి మెయిళ్లు రాస్తారు. దానికి కారణం మన భాషలోనే ఉంది.

‘తలుపు తియ్యి’, ‘తలుపు తియ్యండి’ – ఈ రెండింటికీ ఎంత తేడా! మొదటిది తమ్ముడితోనో స్నేహితుడితోనో అంటాం. రెండోది మామగారితోనూ అనొచ్చు, ఆఫీసులో పెద్దవాళ్లతోనూ అనొచ్చు. వ్యాకరణం ప్రకారం రెండూ ఆజ్ఞలే, అయినా రెండోది వింటే ఎవరికీ ఆజ్ఞలా అనిపించదు. మర్యాదంతా ఆ చివరి ‘అండి’లో ఉంది. పేరు పక్కన ‘గారు’, ‘నువ్వు’ బదులు ‘మీరు’ చేరితే ఇంక వేరే అలంకారమేదీ అక్కర్లేదు. ‘రమణ గారూ, ఆ ఫైలు పంపండి’ అంటే నిండైన మర్యాద.

ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులోకి తెస్తే ఏమవుతుంది? తియ్యి, తియ్యరా, తియ్యండి – అన్నింటికీ అక్కడ ‘ఓపెన్’ ఒక్కటే. ‘నువ్వు’కీ ‘మీరు’కీ ‘యూ’ ఒక్కటే. ‘గారు’ లేదు. మనం ఎంతో నమ్మకంగా ప్రతి మాట చివరా పెట్టుకున్న గౌరవమంతా సరిహద్దు దాటగానే ఆవిరైపోతుంది. మిగిలేది ఒట్టి ఆజ్ఞే. ‘అండి’ చేసే పనంతా ఆ చిన్న ‘ప్లీజ్’ చేస్తుందని మనం అనుకుంటాం. అది చెయ్యలేదు. ‘ప్లీజ్’ చేరిన ఆజ్ఞ కూడా అక్కడివాళ్ల చెవికి ఆజ్ఞే, కాకపోతే కాస్త శుభ్రమైన బట్టలు కట్టుకున్న ఆజ్ఞ.

మరి వాళ్లు మర్యాదను ఎక్కడ దాచుకుంటారు? ప్రశ్నలో. ‘పంపండి’ అనరు, ‘పంపగలరా?’ అంటారు. అందులోనూ ‘కెన్ యూ’ కన్నా ‘కుడ్ యూ’, ‘విల్ యూ’ కన్నా ‘వుడ్ యూ’ మెత్తన. ‘కుడ్’, ‘వుడ్’ నిజానికి భూతకాలపు రూపాలు. అడిగే విషయాన్ని కాస్త దూరం జరిపి, ఊహలా చేసి ముందు పెడతాయి. అవతలి మనిషికి ‘కుదరదు’ అనే అవకాశాన్ని మాటవరసకైనా ఇస్తాయి. ఆ అవకాశం ఇవ్వడమే అక్కడ గౌరవం. నిజంగా కుదరదంటే మన పని ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ తలుపు తెరిచి ఉంచాలి.

ఇదేదో మనకు తెలియని విద్య అనుకోనక్కర్లేదు. పెళ్లి శుభలేఖ తీసి చూడండి. ‘విచ్చేసి వధూవరులను ఆశీర్వదించగలరు’ అని ఉంటుంది. నోటీసు బోర్డు మీద ‘గమనించగలరు’ అని రాస్తారు. మాటకు మాట చూస్తే ‘-గలరు’ అనేది సామర్థ్యం గురించి చెప్పే రూపం. ఆజ్ఞాపించడం ఇష్టం లేక ‘మీకు ఆ శక్తి ఉంది’ అని ఊరుకుంటున్నామన్న మాట. ‘కుడ్ యూ’ చేసేది అచ్చంగా ఇదే పని. ఇంట్లో కూడా ‘కాస్త ఆ కిటికీ వేస్తారా?’, ‘మీరొకసారి చూస్తే బాగుంటుంది’ అంటూనే ఉంటాం. ప్రశ్న, ‘కాస్త’, ‘అయితే బాగుంటుంది’ – పనిముట్లన్నీ మన దగ్గరా ఉన్నాయి. తేడా ఒక్కటే. ‘అండి’ ఉంది కాబట్టి ఇవి లేకపోయినా మనకు జరిగిపోతుంది. వాళ్లకు ‘అండి’ లేదు కాబట్టి ఇవి లేకుండా జరగదు.

ఈ విషయం మీద ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే పుస్తకం పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ కలిసి రాసింది. పుస్తకంగా 1987లో కేంబ్రిడ్జి నుంచి వచ్చింది. ప్రపంచ భాషల్లో మర్యాద ఎలా పనిచేస్తుందో చెప్పడానికి వాళ్లు ప్రధానంగా మూడు భాషలు తీసుకున్నారు. ఒకటి ఇంగ్లీషు, ఒకటి మెక్సికోలోని ఒక మాయా భాష. మూడోది మన పక్కింటి తమిళం. అవతలివాళ్ల మీద భారం మోపే ప్రతి మాటా వాళ్ల స్వేచ్ఛను కొంచెం తాకుతుందనీ, ఆ దెబ్బ తగలకుండా ప్రతి భాషా ఏదో ఒక మెత్తటి తొడుగు వేస్తుందనీ వాళ్ల వాదన. ఏ భాష ఏ తొడుగు వేస్తుందన్నదే మనకు చిక్కు.

ఇప్పుడొక మెయిల్ చూద్దాం. మా బృందంలో ఖమ్మం నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉంది. ఆఫీసులో టీ తెచ్చే అబ్బాయిని కూడా ‘అండి’ అని పిలిచే పిల్ల. లీడ్స్‌లోని సహోద్యోగినికి జులైలో ఒక బుధవారం పంపిద్దామని ఇలా రాసింది:

‘ప్లీజ్ సెండ్ ద అప్‌డేటెడ్ వెండర్ షీట్ టుడే ఇట్‌సెల్ఫ్. యూ హావ్ నాట్ ఫిల్డ్ ద ట్యాక్స్ కాలమ్ లాస్ట్ టైమ్. దిస్ టైమ్ ఫిల్ ఇట్ వితౌట్ ఫెయిల్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.’

నాలుగే వాక్యాలు. వ్యాకరణపరంగా పెద్ద తప్పేమీ లేదు. ‘ప్లీజ్’ ఉంది, ‘కైండ్లీ’ కూడా ఉంది. ఆ అమ్మాయి దృష్టిలో ఇది నిండు మర్యాదతో రాసిన ఉత్తరం. దీని వెనక ఉన్న తెలుగు వింటే మనకూ అలాగే అనిపిస్తుంది: ‘కొత్త షీటు ఈరోజే పంపండి. పోయినసారి ట్యాక్స్ కాలమ్ నింపలేదు. ఈసారి తప్పకుండా నింపండి. దయచేసి చూడగలరు.’ ఇందులో ఎవరికైనా కోపం కనిపిస్తుందా? లీడ్స్‌లో చదివేవాళ్లకు మాత్రం కనిపిస్తుంది.

‘టుడే ఇట్‌సెల్ఫ్’ అన్నది ‘ఈరోజే’లోని ‘ఏ’. మనకది మామూలు ఒత్తు. అక్కడివాళ్లకు అది బల్ల మీద చరిచినట్టు వినిపిస్తుంది. పైగా ఎవరి ఈరోజు? ఎండాకాలంలో లీడ్స్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో ఐదున్నర. మనం పొద్దున పదిన్నరకు పంపిన మెయిల్ అక్కడ ఉదయం ఆరింటికి దిగుతుంది. తొమ్మిదింటికి ఆమె కంప్యూటర్ తెరిచేసరికి మనకు ఒకటిన్నర. మనం ఆరున్నరకు ఇంటికి బయల్దేరే వేళకు ఆమెకు మధ్యాహ్నం రెండే. ‘ఈరోజు’ అని అడిగితే ఆమెకు దొరికేది సగం రోజు. అదీ అప్పటికే వేరే పనులు వేసుకున్న సగం రోజు.

రెండో వాక్యం ‘యూ’తో మొదలవుతుంది. తప్పు జరిగిందని చెబుతూ ఆ మనిషిని వాక్యానికి కర్తగా నిలబెట్టాం. ‘మీరు నింపలేదు’ అని తెలుగులో మొహం మీద అనడానికి మనమూ వెనకాడతాం, ‘ఆ గడి ఖాళీగా వచ్చిందండీ’ అంటాం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఈ సంస్కారాన్ని ఎందుకో ఇంట్లోనే వదిలేస్తాం. బహుశా స్కూల్లో ప్రతి వాక్యానికీ కర్త, కర్మ, క్రియ ఉండాలని నేర్పడం వల్లేమో.

ఇక ‘వితౌట్ ఫెయిల్’. నాకు అన్నింటికన్నా ఆసక్తిగా అనిపించే మాట ఇదే. ఇది మన ‘తప్పకుండా’. ‘తప్పకుండా రండి’ అనకుండా మన దగ్గర పిలుపే పూర్తికాదు. అందులో ఉన్నదంతా ఆప్యాయత. ‘వితౌట్ ఫెయిల్’లో అది లేదు. పోయినసారి ఫెయిలయ్యారు, ఈసారి కాకూడదు అనే హెచ్చరిక ఉంది. అందులోనూ దాని ముందు వాక్యమే పోయినసారి తప్పును ఎత్తి చూపింది. రెండూ పక్కపక్కన పడేసరికి హెడ్‌మాస్టారు బెత్తం పట్టుకున్నట్టు ఉంటుంది.

‘కైండ్లీ’ అర్థం ‘దయచేసి’ అని నిఘంటువులో ఉంటుంది. కానీ ఇవాళ బ్రిటన్‌లో ఆ మాట ఎక్కువగా ఓపిక నశించినవాళ్లు వాడతారు. దారికి అడ్డంగా కారు పెట్టేవాళ్లకోసం అంటించే కాగితం మీద కనిపించే మాట అది. ‘డూ ద నీడ్‌ఫుల్’ పాత దఫ్తరు ఇంగ్లీషు. మన ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది, అక్కడ వాడుకలోంచి దాదాపు పోయింది. అది చదివి ఎవరూ నొచ్చుకోరు, కాకపోతే ఏం చెయ్యమంటున్నారో అర్థం కాదు.

ఆ అమ్మాయీ నేనూ కూర్చుని మార్చాక మెయిల్ ఇలా తయారైంది:

‘కుడ్ యూ సెండ్ మీ ద అప్‌డేటెడ్ వెండర్ షీట్ బై ఫోర్ పీయం యూకే టైమ్ టుమారో, థర్స్‌డే? ద పేమెంట్ రన్ ఈజ్ ఎర్లీ ఆన్ ఫ్రైడే, అండ్ ఎనీ వెండర్ నాట్ ఆన్ ద షీట్ విల్ హావ్ టు వెయిట్ అనదర్ వీక్. ద ట్యాక్స్ కాలమ్ కేమ్ త్రూ బ్లాంక్ లాస్ట్ టైమ్, సో ఇట్ వుడ్ బి గ్రేట్ టు హావ్ దట్ ఫిల్డ్ ఇన్ టూ. ఇఫ్ ఫోర్ ఈజ్ టైట్, లెట్ మీ నో అండ్ వుయ్ కెన్ వర్క్ సంథింగ్ అవుట్.’

అంటే ‘కొత్త షీటు రేపు గురువారం మీ టైమ్ ప్రకారం నాలుగింటికల్లా పంపగలరా? శుక్రవారం పొద్దున్నే చెల్లింపులు వెళ్తాయి, షీటులో లేనివాళ్లు ఇంకో వారం ఆగాల్సొస్తుంది. పోయినసారి ట్యాక్స్ కాలమ్ ఖాళీగా వచ్చింది, ఈసారి అది కూడా నిండి ఉంటే చాలా బాగుంటుంది. నాలుగంటే కష్టమైతే చెప్పండి, ఏదో ఒకటి చూద్దాం’ అని.

ఇందులో ‘ప్లీజ్’ ఒక్కసారి కూడా లేదన్నది గమనించండి. అది చేయాల్సిన పనిని ప్రశ్న చేసింది. గడువు మాత్రం మెత్తబడలేదు. నిజానికి మొదటి మెయిల్‌కన్నా గట్టిపడింది. రోజుంది, గంటుంది, ఎవరి గంటో కూడా ఉంది. మెత్తగా ఉండాల్సింది క్రియ, తేదీ కాదు. ఇది మా పిల్లలకు నేను పదేపదే చెప్పేమాట. చాలామంది తిరగేసి చేస్తారు. ‘సెండ్ ఇట్’ అని గట్టిగా రాసి, ఎప్పటికో చెప్పడానికి మొహమాటపడి ‘ఎట్ ద అర్లియెస్ట్’ అని వదిలేస్తారు. అది మర్యాదా కాదు, స్పష్టతా కాదు.

ఇక కారణం చెప్పడం. ఆజ్ఞాపించేవాడికి కారణం చెప్పాల్సిన పనిలేదు, పెద్దవాళ్లు చెప్పారంటే చెప్పారంతే. సాటివాడిని అడిగేవాడు కారణం చెబుతాడు. ‘షీటులో లేనివాళ్లకు ఈ వారం డబ్బులు అందవు’ అన్న ఒక్క వాక్యంతో అత్యవసరం దానంతటదే తెలిసిపోయింది. ‘అర్జెంట్’ అని పెద్దక్షరాల్లో రాయాల్సిన పని తప్పింది.

షీటు గురువారం రెండున్నరకే వచ్చింది. కాలమ్ నిండి ఉంది. దాంతోపాటు, ఇద్దరు వెండర్ల పన్ను నంబర్లు తన దగ్గరే లేవనీ, పోయినసారి ఖాళీ వదలడానికి కారణం అదేననీ, ఎవరిని అడగాలో తెలిస్తే చెప్పమనీ రెండు లైన్లు వచ్చాయి. పాత మెయిల్ వెళ్లి ఉంటే ఈ రెండు లైన్లు వచ్చేవి కావని నా అనుమానం. మందలింపు విన్నవాళ్లు అడిగినంతే చేసి ఊరుకుంటారు, తమకు తెలిసింది పైకి చెప్పరు.

మన స్వరం నొప్పించిందో లేదో ఎలా తెలుస్తుంది? బ్రిటిష్‌వాళ్లు పైకి అనరు. జవాబుల్లోనే చూసుకోవాలి. నిన్నటిదాకా ‘హాయ్’ అని పేరుతో మొదలైన జవాబు ఇవాళ పలకరింపు లేకుండా మొదలవుతుంది. మూడు లైన్లు వచ్చే చోట ‘నోటెడ్’ అని ఒక్క మాట వస్తుంది. వాళ్ల మేనేజర్ పేరు ఉన్నట్టుండి సీసీలో చేరుతుంది. ‘యాజ్ పర్ మై ప్రీవియస్ ఈమెయిల్’ అని వచ్చిందంటే విషయం బాగా ముదిరిందని అర్థం. ఇలాంటప్పుడు మెయిల్ మీద మెయిల్ రాయడం కన్నా ఐదు నిమిషాలు ఫోన్ చేయడం మేలు. గొంతులో మన ‘అండి’ ఎంతోకొంత వినిపిస్తుంది.

అలాగని ప్రతి ఆజ్ఞనూ ప్రశ్నగా మార్చనక్కర్లేదు. జెఫ్రీ లీచ్ అనే భాషా శాస్త్రవేత్త 1983లోనే ఒక చక్కటి విషయం చెప్పారు. పనివల్ల లాభం ఎవరికన్నది చూడాలన్నారు. లాభం వినేవాడికైతే ఆజ్ఞే మర్యాద. ‘హావ్ ఎ సీట్’, ‘హావ్ అనదర్ కప్ ఆఫ్ టీ’, ‘ఎంజాయ్ యువర్ హాలిడే’ – ఇవన్నీ ఆజ్ఞలే, ఎవరూ నొచ్చుకోరు. మన ఇంట్లో ‘ఇంకొంచెం వేసుకోండి’ అని గరిటె పట్టుకుని నిలబడితే ఎవరైనా కోప్పడతారా? అదే మాటను ‘మీరు ఇంకొంచెం వేసుకోగలరా?’ అని అడిగి చూడండి, మిగిలిపోయింది ఖర్చు చేస్తున్నట్టు ఉంటుంది. అలాగే ఒక పని ఎలా చేయాలో వరసగా చెప్పే సూచనల్లో ‘ఫైల్ తెరవండి, రెండో షీటుకు వెళ్లండి’ అనే ధోరణే అన్ని దేశాల్లోనూ సహజం. అక్కడ ప్రతి మెట్టు దగ్గరా ‘కుడ్ యూ’ పెడితే చదివేవాళ్లకు విసుగొస్తుంది.

దేశాన్ని బట్టి కూడా మోతాదు మారుతుంది. వేర్వేరు భాషలవాళ్లు ఎలా అడుగుతారో పోల్చి చూసిన ఒక పెద్ద పరిశోధన 1989లో పుస్తకంగా వచ్చింది. అందులో అర్జెంటీనా స్పానిష్, హీబ్రూ మాట్లాడేవాళ్లు సూటిగా అడిగే వైపు తేలారు, ఆస్ట్రేలియా ఇంగ్లీషువాళ్లు చుట్టు తిరిగి అడిగే చివర ఉన్నారు. మా అనుభవమూ అంతే. లీడ్స్‌కు రాసినట్టే ఆమ్‌స్టర్‌డామ్‌కు రాస్తే ‘ఇంతకీ మీకు కావాల్సిందేమిటి?’ అని తిరుగు టపా వస్తుంది. అమెరికాది ఇంకో తీరు. అక్కడివాళ్లు ఇలాంటి మాటల్లో ‘ప్లీజ్’ బ్రిటిష్‌వాళ్లకన్నా తక్కువ వాడతారు. ఒక్కోసారి అది వాళ్లకు తొందరపెట్టినట్టో, పైనుంచి చెప్పినట్టో వినిపిస్తుంది. వాళ్లతో ‘కెన్ యూ’ అని మామూలుగా అడిగి, చివర ‘థాంక్స్’ అంటే సరిపోతుంది. ఎవరికి ఎంత అన్నది తేల్చుకోవడానికి నాకు తెలిసిన సులువైన మార్గం, వాళ్లు మనల్ని ఎలా అడుగుతున్నారో చూడటం. పాత మెయిళ్లలో వాళ్లు మన దగ్గర ఏదైనా కోరిన నాలుగైదు వాక్యాలు ఏరి పక్కన పెట్టుకుంటే మనం ఎంత మెత్తగా రాయాలో వాటిలోనే కనిపిస్తుంది.

మెత్తదనం ముదిరితే వచ్చే తంటా కూడా ఉంది. ఒక కుర్రాడు లీడ్స్ భాష వంటబట్టించుకున్నాక ‘ఐ వజ్ జస్ట్ వండరింగ్ ఇఫ్ యూ మైట్ పాసిబ్లీ హావ్ ఎ చాన్స్ టు లుక్’ అని రాశాడు. చదివినామె అదేదో తీరిక ఉన్నప్పుడు చూసే పని అనుకుని పక్కన పెట్టేసింది. ఆమె తప్పేమీ లేదు. ఒక్క ‘కుడ్ యూ’ చాలిన చోట మూడు పొరలు వేస్తే అసలు కోరిక అడుగున పడిపోతుంది.

గుర్తుచేసే మెయిల్ దగ్గర మా వాళ్లంతా ‘జెంటిల్ రిమైండర్’ అని మొదలుపెడతారు. అది వందసార్లు చూసిన కళ్లకు ‘జెంటిల్’ కనబడదు, ‘రిమైండర్’ ఒక్కటే కనబడుతుంది. దాని బదులు నేను ‘ఆర్ యూ స్టిల్ ఓకే ఫర్ ఫోర్ పీయం?’ అని రాయిస్తాను. గడువు గుర్తొస్తుంది, మర్చిపోయారన్న నింద ఉండదు. మర్చిపోయి ఉంటే వాళ్లే సర్దుకుంటారు.

నిజంగా మంటలంటుకున్నప్పుడు మాత్రం ఈ మర్యాదలేవీ అక్కర్లేదు. మొన్నొక శుక్రవారం ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లబోతోందని మావాళ్లు చివరి నిమిషంలో గమనించారు. అదే ఖమ్మం అమ్మాయి లీడ్స్‌కు ఒక్క లైన్ పంపింది: ‘ప్లీజ్ స్టాప్ ద రన్ నౌ, డూప్లికేట్ పేమెంట్. కాలింగ్ యూ.’ పంపిన మరుక్షణం ఫోన్ ఎత్తింది. రన్ ఆగింది, ఎవరూ నొచ్చుకోలేదు.